‘ఊరికే అన్నాలే’ అంటే సరిపోదు

ఇంట్లో పిల్లలు ఆటపట్టించుకుంటూ ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు ‘ఊరికే అన్నాను’ అంటారు. పెద్దవాళ్లం వెంటనే ఏడ్చేవాళ్ల వైపు తిరిగి, ‘దానికే ఏడుపా?’ అంటాం. అసలు తగాదా అక్కడే మొదలవుతుందని నా వాదన.

పదకొండేళ్ల అక్క, ఏడేళ్ల తమ్ముడు ఉన్నారనుకోండి. వాడు గట్టిగా చదువుతూ ‘విమానం’ని ‘మివానం’ అన్నాడు. అందరూ నవ్వారు, వాడూ నవ్వి, కావాలనే ఇంకోసారి అన్నాడు. అంతవరకూ అది ఆటే. వారం తిరిగేసరికి అదే వాడి పేరైపోయింది. చుట్టాల ముందు అక్క అలా పిలిస్తే వాడు నవ్వాడు, కానీ ముందు అమ్మ ముఖం చూసి, ఆ తర్వాత. ఎదురు మాట అనలేదు. ఆ మర్నాటి నుంచి గట్టిగా చదవడం మానేశాడు. కన్నీళ్ల కోసం ఎదురుచూసే పెద్దలకు ఈ గుర్తులేవీ కనిపించవు.

‘ఊరికే అన్నాను’ అనే అక్క అబద్ధం చెప్పడం లేదు. అన్నవాళ్లకు తమ మనసులో ఏముందో తెలుసు కాబట్టి అది ఎదుటివాళ్లకూ తెలుస్తుందనుకుంటారని, పడ్డవాళ్లకు మాత్రం మాట ఒక్కటే వినిపిస్తుందని 2006లో మనస్తత్వవేత్త జస్టిన్ క్రూగర్ బృందం ప్రచురించిన పరిశోధన చూపించింది. అందుకే ఎక్కడ ఆపాలన్నది అన్నవాళ్లు తేల్చే విషయం కాదు.

‘ఇంట్లో నాలుగు మాటలు పడితేనే బయట తట్టుకుంటారు’ అనేవాళ్లున్నారు. తిరిగి అనగలిగే బిడ్డ విషయంలో అది కొంత నిజమే. అనలేని బిడ్డకు మాత్రం ఊరుకోవడమే అలవాటవుతుంది.

మరి ఆ అమ్మ ఏం చేయాలి? అందరి ముందు అక్కను తిట్టకూడదు. తిడితే ఆ కసి తమ్ముడి మీదే తీరుతుంది. ముందు తను నవ్వడం మానాలి, ఎందుకంటే ఈ ఆట ప్రేక్షకుల కోసమే సాగుతుంది. తర్వాత వాణ్ని విడిగా కూర్చోబెట్టి, ఏ మాటలు ఫర్వాలేదో, ఏది అసలు వద్దో అడగాలి. వాడు ‘కోతి అంటే ఓకే, మివానం వద్దు’ అంటే ఆ లెక్కే ఖాయం. ఇద్దరికీ కలిపి ఒక ఆపు మాట పెట్టాలి. ‘స్టాప్’ అన్నా చాలు. అది వినగానే ఆగాలి, ఎందుకని అడగకూడదు. అక్కకూ అదే హక్కు ఉండాలి, లేకపోతే అది తమ్ముడి చేతిలో ఆయుధమవుతుంది.

ఆ మాట విన్నాక కూడా ఆపకపోయినా, పెద్దలు లేనప్పుడే ఎక్కువ చేస్తున్నా అది ఆటపట్టించడం కాదు, వేధింపు. పన్నెండేళ్ల వయసులో వారానికి చాలాసార్లు తోబుట్టువుల వేధింపు పడ్డవాళ్లలో, పద్దెనిమిదేళ్లకు డిప్రెషన్ దాదాపు రెండింతలు కనిపించిందని 2014లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం చెప్పింది.

నిజానికి పిల్లలు ఈ విద్య మన దగ్గరే నేర్చుకుంటారు. భార్య వంట మీద, భర్త పొట్ట మీద నలుగురిలో జోకులేసి, అవతలివాళ్లు ముఖం ముడిస్తే ‘జోక్ కూడా అర్థం కాదా’ అని దబాయించేది మనమే. ఆఫీసులో బాస్ వేసే జోకుకి అందరితో పాటు నవ్వేసి, ఇంటికొచ్చి రాత్రంతా నిద్రపోనిదీ మనమే. అప్పుడు ‘స్టాప్’ అనే వీలు మనకెవరూ ఇవ్వలేదు.