షేర్లు సగానికి పడేదాకా ఎవరూ అడగరా? లోన్ స్టేట్‌మెంట్ చూసి లెక్క వేద్దాం

"షేర్ల మీద లోన్ తీసుకున్నవాళ్లు టాప్-అప్ కాల్ గురించి కంగారు పడొద్దు. మార్జిన్ 50 శాతం అంటే షేర్లు సగానికి పడేదాకా మనల్ని ఎవరూ అడగరు. స్టేట్‌మెంట్‌లో హోల్డింగ్స్ మొత్తం విలువ లోన్‌కి రెట్టింపు ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. ఒకవేళ కాల్ వచ్చినా, తగ్గిన మొత్తానికి సరిపడా షేర్లు ఇంకొన్ని తాకట్టు పెడితే సరి. దానికి 7 పనిదినాల టైమ్ మన హక్కు."

ఈ మెసేజ్ నాకు ఇప్పటికి మూడు గ్రూపుల్లో వచ్చింది. టాప్-అప్ కాల్ అంటే తాకట్టు షేర్ల విలువ తగ్గి లోన్‌కి చాలనప్పుడు డబ్బో, ఇంకొన్ని షేర్లో తెమ్మని రుణదాత అడగడం. మార్జిన్ అంటే షేరు విలువలో అతను అప్పుకు లెక్కలోకి తీసుకోని భాగం. ఇందులో ఒక్క వాక్యం కూడా నిలబడదు. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

ఒకాయన దగ్గర మూడు కంపెనీల షేర్లు తాకట్టులో ఉన్నాయనుకోండి. మొదటిది 400 షేర్లు, ధర 1,000 రూపాయలు. రెండోది 500 షేర్లు, ధర 400. మూడోది 1,000 షేర్లు, ధర 200. మొత్తం విలువ 8,00,000. మూడింటికీ మార్జిన్ 50 శాతం కాబట్టి డ్రాయింగ్ పవర్, అంటే ఆ షేర్ల మీద ఆయన వాడుకోగల గరిష్ఠ అప్పు, 4,00,000. ఆయన వాడుకున్నది 3,80,000. (స్టేట్‌మెంట్‌లో డీపీ అని కనిపిస్తే అది డ్రాయింగ్ పవర్. డీమ్యాట్ ఖాతా కాగితాల్లో డీపీ అంటే డిపాజిటరీ పార్టిసిపెంట్. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నేనే ఒకసారి తికమకపడ్డాను.)

ఇప్పుడు మార్కెట్ 5 శాతం పడితే విలువ 7,60,000, డ్రాయింగ్ పవర్ 3,80,000. అంటే 5 శాతానికే ఆయన అంచు మీద నిలబడ్డాడు. ఆ మర్నాడు మరో అరశాతం పడినా లోటు మొదలవుతుంది. మార్జిన్ అనేది లోన్ ఇచ్చిన రోజు పక్కన పెట్టేసి మర్చిపోయే మెత్త కాదు. ఎప్పటికప్పుడు తాజా ధర మీద దాన్ని మళ్లీ లెక్కిస్తారు. మనకు నిజంగా ఉన్న వెసులుబాటు, డ్రాయింగ్ పవర్‌లో వాడకుండా మిగిల్చిన భాగమే. ఇదే ఆయన 2,00,000 మాత్రమే వాడి ఉంటే షేర్లు 50 శాతం పడినా లోటు రాదు. మెసేజ్ రాసినవాళ్లు ఆ సగం లెక్కను అందరికీ అంటగట్టారు.

పైగా బకాయి కూడా నిలకడగా ఉండదు. వడ్డీ కట్టకపోతే అది అసలులో కలిసి బకాయి పెరుగుతుంది. కాబట్టి డ్రాయింగ్ పవర్‌తో పోల్చాల్సింది మనం తీసుకున్న అంకెను కాదు, వడ్డీ కలిపిన నేటి బకాయిని.

ఇక మొత్తం విలువ చూస్తే చాలన్న మాట. అసలు ప్రమాదం ఇందులోనే ఉంది. రుణదాత ఒక అప్రూవ్డ్ లిస్ట్ పెట్టుకుని, ఒక్కో షేరుకు ఒక్కో మార్జిన్ నిర్ణయిస్తాడు. మన ఉదాహరణలో మూడో కంపెనీని ఆ లిస్ట్ నుంచి తీసేశారనుకోండి. ధర పైసా కూడా పడలేదు. హోల్డింగ్స్ విలువ దగ్గర అదే 8,00,000 కనిపిస్తుంది. కానీ ఆ 1,000 షేర్లకు ఇప్పుడు లెక్కలో సున్నా. డ్రాయింగ్ పవర్ 3,00,000కి దిగింది, లోటు 80,000. మొత్తం చూసినవాడికి ఇది కనబడదు. వరుస వరుసగా చూసినవాడికే కనబడుతుంది.

వరుసగా చూడటం కష్టమేమీ కాదు. స్ప్రెడ్‌షీట్‌లో బీ కాలమ్‌లో తాకట్టు సంఖ్య, సీ కాలమ్‌లో ధర, డీ కాలమ్‌లో మార్జిన్ (50 శాతమైతే 0.5, లిస్ట్‌లో లేకపోతే 1) వేసి ఈ ఒక్క ఫార్ములా పెట్టండి:

```
=SUMPRODUCT(B2:B4,C2:C4,1-D2:D4)
```

వచ్చిన అంకె స్టేట్‌మెంట్‌లోని డ్రాయింగ్ పవర్‌తో కలవాలి. కలవకపోతే ముందు ధర తేదీ చూడండి. స్టేట్‌మెంట్ తేదీ ఒకటి, అందులో వాడిన ముగింపు ధర అంతకు ముందు రోజుది అయ్యుండొచ్చు. అదీ సరిపోతే సంఖ్య చూడాలి. సంఖ్యను రుణదాత కాగితంతోనే పోల్చుకుంటే లాభం లేదు. డీమ్యాట్ హోల్డింగ్స్ తెరిచి ప్లెడ్జ్ బ్యాలెన్స్ ఎంతుందో చూడండి. మనం ప్లెడ్జ్ రిక్వెస్ట్ పెట్టినా అవతలివాళ్లు ఇంకా కన్ఫర్మ్ చేయకపోతే ఆ షేర్లకు డ్రాయింగ్ పవర్ రాదు.

నాకు ఒకసారి 1:1 బోనస్ దగ్గర ఇదే జరిగింది. ఎక్స్-డేట్ నాడు, అంటే బోనస్ లెక్క ధరలో దిగే రోజున, ధర సగమైంది, స్టేట్‌మెంట్‌లో సంఖ్య మాత్రం పాతదే. పై ఉదాహరణలో మూడో కంపెనీకి ఇలా అయితే 2,00,000 విలువ 1,00,000 అవుతుంది, డ్రాయింగ్ పవర్ 3,50,000కి పడుతుంది, 30,000 లోటు చూపిస్తుంది. నష్టపోయిందేమీ లేదు, అయినా కాల్ వస్తుంది. ఫోన్లో గొడవ పెట్టుకునే ముందు కొత్త షేర్లు ఖాతాలో పడ్డాయా, పడితే తాకట్టులోకి వెళ్లాయా, ఫ్రీగా ఉన్నాయా అన్నది చూడాలి. ఫ్రీగా ఉంటే రుణదాత లెక్క తప్పు కాదు, ఎందుకంటే అతని చేతిలో ఉన్న పూచీ నిజంగానే సగమైంది. వాటిని ప్లెడ్జ్ చేస్తే లోటు పోతుంది.

టాప్-అప్ ఎంత అన్నదాంట్లోనూ మెసేజ్ తప్పే. మార్కెట్ 10 శాతం పడి విలువ 7,20,000 అయింది, డ్రాయింగ్ పవర్ 3,60,000. వడ్డీతో బకాయి 3,83,000. లోటు 23,000. డబ్బు కడితే 23,000తో సరిపోతుంది. షేర్లు పెడితే మాత్రం 46,000 విలువైనవి కావాలి, ఎందుకంటే వాటిలోనూ సగమే లెక్కకొస్తుంది. తాకట్టు షేర్లే అమ్మి తీర్చాలన్నా 46,000వి అమ్మాలి. అమ్మిన ప్రతి రూపాయీ బకాయిని రూపాయి తగ్గిస్తే, డ్రాయింగ్ పవర్‌ని అర్ధరూపాయి తగ్గిస్తుంది మరి. అమ్మాక విలువ 6,74,000, డ్రాయింగ్ పవర్ 3,37,000, బకాయి కూడా 3,37,000. "ఇరవై మూడు వేలకు నలభై ఆరు వేల షేర్లు అమ్మేశారు" అని మండిపడేవాళ్లను చూశాను. లెక్క అదే.

చివరిది 7 పనిదినాలు. ఈ అంకె గాల్లోంచి రాలేదు. 2014 ఆగస్టులో ఆర్‌బీఐ ఎన్‌బీఎఫ్‌సీలకు, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలకు, ఇచ్చిన ఆదేశంలో ఉంది: షేర్ల విలువలో లోన్ 50 శాతం దాటకూడదు, ధరల కదలిక వల్ల లోటు వస్తే 7 పనిదినాల్లో సరిచేయాలి. అది రుణదాత మీద పెట్టిన గడువు. అంతకు మించి లోటు ఉంచకూడదని దాని అర్థం. అంతవరకు మనల్ని ముట్టుకోకూడదని కాదు. మనకు వర్తించే గడువు మనం సంతకం పెట్టిన ఒప్పందంలో ఉంటుంది. టాప్-అప్ అడిగే స్థాయి ఒకటి, అమ్మకం మొదలుపెట్టే స్థాయి ఇంకొకటి రాసి ఉన్నాయేమో వెతకండి. ఉంటే, ధరలు ఒక్కసారిగా కూలిన రోజున రెండో స్థాయి కూడా దాటిపోయి, మొదటి గడువు పూర్తికాకుండానే అమ్మకానికి దారి తీయొచ్చు.

తాకట్టు వస్తువు అమ్మే ముందు తగిన నోటీసు ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 176వ సెక్షన్ చెబుతోంది, అది మన పక్షాన ఉన్న మాట. కానీ "తగిన" అంటే ఇన్ని రోజులని ఆ సెక్షన్‌లో లేదు. ఆ నోటీసు స్పామ్‌లో పడే ఈమెయిల్‌కో, మార్చేసిన పాత ఫోన్ నంబరుకో వెళుతుంటే వచ్చినట్టు మనకు తెలిసేదెలా? రుణదాత దగ్గర మీ పేరు మీద ఏ నంబరు, ఏ ఈమెయిల్ ఉన్నాయో ఈ నెల స్టేట్‌మెంట్ పైభాగంలోనే చూసుకోండి.