నల్లరేగడిలో ఎరువు నిలవడానికి కారణం చిన్న రంధ్రాలు కాదు

"బంకమట్టిలో రంధ్రాలు చిన్నవి, నీళ్లు దిగవు, అందుకే ఎరువు అక్కడే ఇరుక్కుపోతుంది. ఎర్ర బంకైనా నల్లరేగడైనా ఒకటే. యూరియా మొత్తం ఒకేసారి వేసెయ్యొచ్చు, నష్టం ఉండదు."
(వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్)

ముందు రంధ్రాల సంగతి. రెండు గరాటుల్లో కడిగిన ఇసుక పోసి, వాటిలో ఒకదానికి మాత్రం కొంచెం రేగడి పొడి కలపండి. (ఉత్త రేగడైతే చుక్క దిగేసరికి ల్యాబ్ మూసేస్తారు.) రెండింటిలోనూ మిథిలీన్ బ్లూ ద్రావణం పోస్తే, రేగడి కలిపిన దాని నుంచి దాదాపు తేటనీళ్లు వస్తాయి, ఉత్త ఇసుక నుంచి చాలావరకు నీలమే దిగుతుంది. ఇప్పుడు అదే రేగడి గరాటులో ఈయోసిన్ పోయండి. ఎరుపు కిందికి వచ్చేస్తుంది. రంధ్రాలు అవే, రంగు ఒక్కటే మారింది. మిథిలీన్ బ్లూ ధనావేశం గలది, ఈయోసిన్ రుణావేశం గలది. పట్టుకున్నది ఆవేశమే.

ఆ ఆవేశం బంక ఖనిజం స్ఫటికంలోనే ఉంది. పొరల్లో Si4+ ఉండాల్సిన చోట Al3+, Al3+ ఉండాల్సిన చోట Mg2+ చేరితే ఒక్కో చోట ఒక్కో రుణావేశం మిగులుతుంది. ఇసుకలోని క్వార్ట్‌జ్‌లో ఈ మార్పు దాదాపు లేదు.

"ఇరుక్కుపోతుంది" అన్నదీ తప్పే. 1850లో ఇంగ్లండ్‌లో జె. థామస్ వే అమ్మోనియం సల్ఫేట్ ద్రావణాన్ని మట్టి గుండా పంపితే కింద కాల్షియం సల్ఫేట్ వచ్చింది. అమ్మోనియం ఎక్కింది, కాల్షియం దిగింది. వేరు కూడా H+ ఇచ్చి ఇలాగే K+ తీసుకుంటుంది. కిలో మట్టి ఇలా ఎంత ధనావేశాన్ని పట్టి ఉంచగలదో చెప్పేదే కాటయాన్ మార్పిడి సామర్థ్యం.

లెక్క చూద్దాం. ఎకరంలో పైన 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. హైదరాబాద్ చుట్టూ ఉండే ఇసుకపాలు ఎక్కువైన చెల్క నేల సామర్థ్యం కిలోకు 3 సెంటీమోల్స్ అనుకుందాం, తాండూరు వైపు రేగడికి 45. రెండింటిలోనూ 3 శాతం చోటు పొటాషియందే అయితే చెల్కలో ఉన్నది 32 కిలోలు, రేగడిలో 475. ఒక బస్తా మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో పొటాషియం దాదాపు 25 కిలోలు. రేగడికి అది 5 శాతం పెరుగుదల. చెల్కకైతే దాదాపు 80 శాతం. పట్టుకునే చోట్లు అక్కడ తక్కువ కాబట్టి నేల నీటిలో పొటాషియం బాగా పెరిగి, తర్వాతి వానకు కొంత కిందికి పోతుంది.

ఎర్ర బంక, నల్లరేగడి ఒకటి కావు. ఎర్ర నేలల్లో ఎక్కువగా ఉండే కయోలినైట్ సామర్థ్యం 3–15, రేగడిలోని మాంట్‌మోరిల్లోనైట్‌ది 80–120.

ఇక యూరియా. అణువుకు ఆవేశమే లేదు, కాబట్టి వేసిన వెంటనే వాన పడితే రేగడిలోనూ నీటితోపాటే కదులుతుంది. కొద్ది రోజుల్లో అమ్మోనియంగా మారాక మట్టి పట్టుకుంటుంది గానీ, కొన్ని వారాల్లో బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మార్చేస్తాయి. నైట్రేట్‌ది ఈయోసిన్ బాటే. పైగా నీళ్లు నిలిచిన రేగడిలో అది నైట్రోజన్ వాయువుగా గాలిలోకీ పోతుంది. దఫాలుగా వేయమనేది అందుకే.