పీఎఫ్ విత్‌డ్రాయల్‌లో కోత: తేడా ఎక్కడ వస్తోంది?

ఒక ఉద్యోగి లెక్క తీసుకుందాం. విశాఖలో ఒక కంపెనీలో మూడేళ్లు, తర్వాత హైదరాబాద్‌లో మరో కంపెనీలో మూడేళ్లు చేశాడు. రెండు చోట్లా ఒకే పీఎఫ్ నంబరు, అంటే ఒకే యూఏఎన్. పాత పాస్‌బుక్‌లో పీఎఫ్ 1,10,000 రూపాయలు, కొత్తదాంట్లో 2,40,000 ఉన్నాయి. ఉద్యోగం మానేసి క్లెయిమ్ పెట్టి, మూడున్నర లక్షలు వస్తాయని ఎదురుచూశాడు. ఖాతాలో పడింది 1,92,000.

ఎవరూ తినేయలేదు. కానీ నియమాలు అతని మీద రెండు రకాలుగా పనిచేశాయి.

యూఏఎన్ ఒకటే అయినా కంపెనీకో మెంబర్ ఐడీ ఉంటుంది. పాత ఐడీలోని డబ్బును ట్రాన్స్‌ఫర్ చేయకపోతే అది అక్కడే ఉండిపోతుంది, చివరి ఐడీలోని సొమ్ముకే క్లెయిమ్ సెటిల్ అవుతుంది. సర్వీసు కూడా అంతే. ఐదేళ్లు నిండకుండా 50,000 లేదా అంతకు మించి తీస్తే పన్ను కింద టీడీఎస్ ముందే కట్ అవుతుంది. పాత బ్యాలెన్స్ కొత్త ఖాతాలో కలిస్తేనే పాత సర్వీసు లెక్కకొస్తుంది. ఆరేళ్లు కష్టపడ్డ మనిషి రికార్డులో మూడేళ్లవాడిగా మిగిలాడు.

రెండో దెబ్బ పేరుతో తగిలింది. మన ఆధార్‌లో చాలామందికి ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది. పాన్‌లో ఇనీషియల్స్ కుదరవు కాబట్టి ఇంటిపేరు పూర్తిగా వస్తుంది. పీఎఫ్ రికార్డుతో ఆ పేరు కలవక పాన్ వెరిఫై కాలేదు. పాన్ ఉంటే 10 శాతం, అంటే 24,000 పోయేది. లేనట్టే లెక్కేయడంతో 20 శాతం, 48,000 పోయింది. పైగా పాన్‌కి ముడిపడని టీడీఎస్ అతని ఆదాయపన్ను రికార్డులో కనిపించదు. రిటర్న్ వేసి రిఫండ్ అడగడం కూడా కష్టమవుతుంది. జీతం పన్ను పరిధిలోకే రాని ఉద్యోగికి ఇది చాలా పెద్ద నష్టం.

క్లెయిమ్‌కి ముందు యూఏఎన్ పోర్టల్‌లో Service History తెరిస్తే ఎన్ని ఐడీలున్నాయో, పాత కంపెనీ ఎగ్జిట్ తేదీ నమోదైందో లేదో తెలుస్తుంది. KYC పేజీలో పాన్ వెరిఫై అయిందో చూడాలి. పేరు తేడా ఉంటే సరిచేయించి, One Member - One EPF Account కింద ట్రాన్స్‌ఫర్ పెట్టి, అది పూర్తయ్యాకే డబ్బు తీయాలి. ఈ ఉద్యోగి అలా చేసి ఉంటే సర్వీసు ఆరేళ్లయ్యేది, టీడీఎస్ ఒక్క రూపాయి కూడా పడేది కాదు. చేతిలో డబ్బులేనప్పుడు ఆ కొన్ని వారాలు ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆగమనే చెబుతాను.

అయితే ఈ భారమంతా ఉద్యోగి మీదే వేయడం న్యాయం కాదు. రెండు ఐడీలూ అతనివేనని ఈపీఎఫ్ఓ దగ్గరే రికార్డు ఉంది. పాన్ పేరు కలవలేదనీ దానికి తెలుసు. క్లెయిమ్ సబ్మిట్ చేసేముందే "పాత ఐడీలో ఇంత ఉంది, కలిపితే పన్ను పడదు, ఇప్పుడే తీస్తే 48,000 కట్ అవుతుంది" అని తెలుగులో తెర మీద చూపించి, ఆ తర్వాతే ఓటీపీ అడగాలి.