శ్రీకాకుళం, విజయనగరం సీట్లు ఎందుకు తగ్గాయి?

"2009కి ముందు శ్రీకాకుళానికి 12, విజయనగరానికి 12 ఎమ్మెల్యే సీట్లుండేవి. జనాభా పెరిగినా వాటిని 10కి, 9కి కోసేశారు. ఇది హైదరాబాద్ నాయకులు చేసిన పని. నియోజకవర్గాల గీతలు కూడా ఇష్టమొచ్చినట్టు గీశారు" అని కొందరు అంటుంటారు.

జనాభా పెరిగిన మాట నిజమే. కానీ సీట్లు నిర్ణయించేది జిల్లా జనాభా ఎంత పెరిగిందన్నది కాదు, రాష్ట్ర జనాభాలో దాని వాటా. ఉమ్మడి రాష్ట్రంలో మొత్తం సీట్లు 294 దగ్గరే ఆగిపోయాయి; రాజ్యాంగ సవరణతో ఆ సంఖ్యను కదపకుండా ఉంచారు. కాబట్టి ఒక జిల్లాకు పెరిగితే మరో జిల్లాకు తగ్గాల్సిందే.

లెక్క కాగితం మీద ఎవరైనా చేయవచ్చు. 2001 జనగణనలో రాష్ట్ర జనాభా 7,62,10,007. దాన్ని 294తో భాగిస్తే సీటుకు సగటున 2,59,218 మంది. శ్రీకాకుళం జనాభా 25,37,593. సగటుతో భాగిస్తే 9.79, అంటే 10 సీట్లు. విజయనగరానికి 22,49,254 మంది. అది 8.68, అంటే 9. హైదరాబాద్‌కి 38,29,753 మంది, 14.77, అంటే 15. మూడు జిల్లాలకూ ఒకటే కొలత. విజయనగరానికి 12 ఉంచేసి ఉంటే సీటుకు 1,87,438 మందే వచ్చేవారు. అక్కడి ఓటు విలువ హైదరాబాద్ ఓటు కంటే బాగా ఎక్కువైపోయేది.

బాధ కలిగించే విషయం వేరే ఉంది. 2004 ఎన్నికల దాకా 1971 జనాభా మీద గీసిన గీతలతోనే నడిచాం. మూడు దశాబ్దాల మార్పు ఒక్కసారిగా నెత్తిన పడింది. పదేళ్లకోసారి సర్దుకుంటూ వచ్చి ఉంటే దెబ్బ ఇంత గట్టిగా తగిలేది కాదు.

నాయకుల మాటకొస్తే, ఈ సీట్లు, గీతలు తేల్చిన, జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఉన్న నియోజకవర్గాల పునర్విభజన కమిషన్‌లో ఎంపీలు, ఎమ్మెల్యేలు సహ సభ్యులు మాత్రమే. వాళ్లు అభిప్రాయం చెప్పగలరు, ఓటు వేయలేరు. ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణ జరిపాకే తుది ఉత్తర్వు వస్తుంది.

గీతలకూ పద్ధతి ఉంది. అసెంబ్లీ నియోజకవర్గం జిల్లా దాటకూడదు. మండలాన్ని వీలైనంతవరకు ముక్కలు చేయకుండా, సగటుకు పది శాతం అటూ ఇటూగా సర్దాలి. సోంపేట నియోజకవర్గం పోయినప్పుడు సోంపేట మండలం ఇచ్ఛాపురంలో చేరింది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలితో కలిపి నాలుగు మండలాలయ్యాయి. పలాస, మందస, వజ్రపుకొత్తూరు కలిసి కొత్తగా పలాస సీటయింది. లోక్‌సభ సీటుకు మాత్రం జిల్లా గీత అడ్డు కాదు. రాజాం, ఎచ్చెర్ల అప్పటి శ్రీకాకుళం జిల్లాలోవే అయినా ఓటు విజయనగరం ఎంపీకి పడింది అందుకే.

ఎమ్మెల్యే సీట్లకు లాగే మున్సిపల్ వార్డుల గీతలకూ ఆధారం జనాభాయే, ఓటర్ల సంఖ్య కాదు. పిల్లలు ఎక్కువున్న వార్డులో ఓటర్లు తక్కువగా కనిపిస్తారు. మీ వార్డు మీద అభ్యంతరం రాయాలంటే ఓటర్ల జాబితాను లెక్కలోకి తీసుకోకుండా, వార్డులోని జనగణన బ్లాకుల జనాభా కూడి, ఊళ్లో వార్డుకు వచ్చే సగటుతో పోల్చి రాయండి.