కారే కుళాయికి ఐదు లైన్ల అరబిక్ మెయిల్

అరబిక్ నేర్పే పుస్తకాల మీద నాకు ఎప్పటినుంచో ఒక కోపం ఉంది. ఉద్యోగానికి దరఖాస్తు, మంత్రికి వినతిపత్రం లాంటివి రాయడం నేర్పుతాయి. వేరే దేశంలో అద్దెకుండే విద్యార్థికి మొదటి నెలలోనే కావాల్సిన ఉత్తరం మాత్రం వాటిలో ఉండదు. ఇంటి ఓనర్‌కి "కుళాయి కారుతోంది, కాస్త బాగు చేయించండి" అని రాయడం ఎలాగో నాకు ఎవరూ చెప్పలేదు.

నేను చదువుకున్నది జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో. అక్కడ చాలా పేటలకు మున్సిపల్ నీళ్లు సాధారణంగా వారానికి ఒకసారే వస్తాయి. ఆ రోజు మేడ మీది ట్యాంకు నింపుకుని వారమంతా సర్దుకోవాలి. అలాంటిచోట మా వంటింటి కుళాయి సెకనుకో చుక్క చొప్పున కారడం మొదలుపెట్టింది. రాత్రి పడుకునే ముందు కింద బకెట్ పెడితే పొద్దున్నకి ఏడెనిమిది లీటర్లు చేరేవి. అంటే రోజుకి దాదాపు 20 లీటర్లు, వారానికి 140. ట్యాంకు ఖాళీ అయితే డబ్బులిచ్చి ట్యాంకర్ తెప్పించుకోవాలి. నాకు టెన్షన్ మొదలైంది.

ఓనర్ గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తారు, మెయిల్‌కే జవాబిస్తారు. క్లాసులో నేర్చుకున్న అరబిక్‌తోనే రాశాను. "ఉరీదు మిన్‌క ఇస్లాహస్ సున్‌బూర్", అంటే "మీరు కుళాయి బాగు చేయాలని కోరుతున్నాను". వ్యాకరణంలో తప్పు లేదు. పంపేముందు మా మేడ మీది అమ్మమ్మగారికి చూపిస్తే ఆవిడ మెల్లగా తల అడ్డంగా ఊపింది. "బాబూ, ఇది పోలీసు రాసినట్టుంది. సలాం ఏది? ఆయన ఎలా ఉన్నాడని అడగవా?" అంది.

తప్పు రెండు చోట్ల ఉంది. ఒకటి "ఉరీదు". "నాకు కావాలి" అని నేరుగా అనేసరికి అది ఆజ్ఞలా వినిపిస్తుంది. "లౌ సమహ్త" (మీరు అనుమతిస్తే), "హల్ యుమ్కిన్" (వీలవుతుందా) అని మొదలుపెడితే అదే విషయం మెత్తగా చేరుతుంది. రెండోది "సున్‌బూర్". అది పుస్తకాల మాట. అక్కడ ఇంట్లో అందరూ అనేది "హనఫియ్య". ప్లంబర్‌ని కూడా జోర్డాన్‌లో "మవాసిర్జీ" అంటారు. ఈజిప్టులో, గల్ఫ్‌లో అయితే "సబ్బాక్". ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మాట వాడాలని పుస్తకం ఒక్క పేజీ కేటాయించినా మాకు ఎంతో మేలు జరిగేది.

అమ్మమ్మగారు పక్కన కూర్చుని రాయించిన మెయిల్ ఇది:

"అస్సలాము అలైకుం వరహ్మతుల్లాహి వబరకాతుహు. అర్జూ అన్ తకూన బిఖైర్. హనఫియ్యతుల్ మత్బఖ్ తునఖ్ఖిత్ ముంజు యౌమైన్, హత్తా బఅద ఇగ్లాఖిహా జయ్యిదన్. హల్ యుమ్కిన్, లౌ సమహ్త, అన్ తుర్సిల మవాసిర్జీ హాజల్ ఉస్బూఅ్? అన ఫిల్ బైత్ బఅదల్ అస్ర్. షుక్రన్ జజీలన్."

తెలుగులో: మీకు శాంతి కలగాలి, దేవుని దయ, ఆశీస్సులు మీపై ఉండాలి. మీరు క్షేమమని తలుస్తాను. వంటింటి కుళాయి రెండు రోజులుగా చుక్కలు కారుతోంది, గట్టిగా కట్టేసినా ఆగడం లేదు. వీలైతే ఈ వారం ప్లంబర్‌ని పంపగలరా? అసర్ నమాజు తర్వాత నేను ఇంట్లోనే ఉంటాను. చాలా కృతజ్ఞతలు.

ఇందులో "గట్టిగా కట్టేసినా" అన్న ముక్క ఉందే, నా దృష్టిలో మెయిల్‌కి ప్రాణం అదే. కట్టేసినా మూతి నుంచి చుక్కలు పడుతున్నాయంటే సాధారణంగా లోపలి రబ్బరు వాషర్ అరిగినట్టు. తిప్పే పిడి దగ్గర నీళ్లు ఊరితే లోపం వేరే. సింకు కింద తడి ఉంటే అది కుళాయి గొడవ కాకుండా పైపుదో, అతుకుదో కావచ్చు. "కుళాయి పాడైంది" అని ఊరుకుంటే ప్లంబర్ ఒకసారి చూడటానికి, ఇంకోసారి సామాను తేవడానికి రావాలి. ఎక్కడ కారుతోందో రాస్తే ఒక్క రాకలో పని అవుతుంది. వచ్చే వేళ రాయడమూ అంతే ముఖ్యం. అసర్ అంటే సాయంత్రం వేళ అని అక్కడ అందరికీ తెలుసు, గంట చెప్పక్కర్లేదు.

నా మాదిరిగా "తునఖ్ఖిత్" దగ్గర తడబడే వాళ్లకి ఒక మాట. హనఫియ్య స్త్రీలింగం, అందుకే క్రియ "త"తో మొదలవుతుంది. "యునఖ్ఖిత్" అని రాస్తే అర్థమైపోతుంది కానీ చదివేవారికి చెవిలో గీసుకుంటుంది.

ఓనర్ జవాబు ఆ రాత్రే వచ్చింది. "వఅలైకుముస్సలాం, అబ్షిర్." అబ్షిర్ అంటే "సంతోషించు, పని అయిపోయిందనుకో" అని. మర్నాడు అసర్ దాటాక ప్లంబర్ వచ్చాడు, కుళాయి విప్పాడు, నల్లగా పగిలిపోయిన వాషర్‌ని నా అరచేతిలో పెట్టి కొత్తది బిగించాడు. ఆ రాత్రి బకెట్ పొడిగా ఉంది.