బ్యాంకులో మూడు లక్షలున్నా ట్రస్టు చేతిలో పైసా లేదు

మార్చి 31న పాసుబుక్కులో 3 లక్షలు కనిపిస్తే ఏ కమిటీ అయినా ఊపిరి పీల్చుకుంటుంది. అనంతపురం జిల్లాలో నేను లెక్కలు చూసే ఒక చిన్న ట్రస్టులోనూ అదే జరిగింది. ఆదాయ వ్యయాల పట్టికలో 2 లక్షల 20 వేలు మిగులు తేలింది, ఇంకో టీచర్‌ని పెట్టుకుందామా అన్న మాట కూడా వచ్చింది. నిజానికి ఆ రోజు ట్రస్టు తన సొంతానికి ఒక్క రూపాయి లేకపోగా 90 వేలు బాకీ ఉంది. ఆ బాకీ బయటివాళ్లకు కాదు, తన దగ్గరే ఉన్న ఇంకో నిధికి.

మన ఇళ్లలో ఈ సంగతి అందరికీ తెలుసు. కదిరి నరసింహస్వామికి ముడుపు కట్టి గూట్లో పెట్టిన డబ్బు ఇంట్లోనే ఉంటుంది, కానీ ఇంటి డబ్బు కాదు. అంత అవసరమొచ్చి అందులోంచి తీస్తే, ఎంత తీశామో గుర్తు పెట్టుకుని మళ్లీ వేస్తాం. దాత "ఈ పనికే" అని ఇచ్చిన డబ్బు అచ్చంగా అలాంటిదే, లెక్కల్లో దాన్ని రిస్ట్రిక్టెడ్ ఫండ్ అంటారు. ఏ షరతూ లేకుండా వచ్చిన చందా జనరల్ ఫండ్. చిక్కేమిటంటే, రెండూ ఒకే బ్యాంకు ఖాతాలో పడతాయి, ఖాతాకు ముడి కనిపించదు.

అసలు లెక్క చూద్దాం, సులువుగా ఉండాలని అంకెలు గుండ్రం చేశాను. ఏడాది మొదట్లో ట్రస్టు దగ్గర 80 వేలు, అంతా జనరల్. ఏడాదిలో షరతుల్లేని చందాలు 5 లక్షల 20 వేలు వచ్చాయి. ఫ్లోరైడ్ నీళ్లున్న ఒక ఊళ్లో ఆర్‌ఓ ప్లాంట్ పెట్టమని ఒక దాత 6 లక్షలు ఇచ్చారు. ఆడపిల్లల ఫీజుల కోసం ఇంకొకరు లక్షన్నర ఇచ్చారు. ఖర్చుల వైపు చూస్తే జీతాలు, అద్దె, కరెంటు కలిపి 6 లక్షల 90 వేలు, ప్లాంట్ గదికి 2 లక్షల 20 వేలు, ఫీజులకు లక్షా 40 వేలు. అన్నీ పోను బ్యాంకులో సరిగ్గా 3 లక్షలు.

ఇప్పుడు అదే లెక్కను నిధుల వారీగా విడదీయండి. ప్లాంట్ నిధిలో 3 లక్షల 80 వేలు మిగలాలి, ఫీజుల నిధిలో 10 వేలు మిగలాలి. అంటే ముడుపుల మొత్తమే 3 లక్షల 90 వేలు, బ్యాంకులో ఉన్నది మాత్రం 3 లక్షలు. మిగతా 90 వేలు ఎక్కడ? జీతాల్లో పోయాయి. ఎవరూ దొంగతనం చెయ్యలేదు. ఖాతాలో డబ్బు కనిపించింది, ఒకటో తారీఖు వచ్చింది, చెక్కు రాశారు, అంతే. మెషిన్ కొనాల్సిన రోజు దాకా ఇది ఎవరికీ తెలిసేది కాదు.

కాబట్టి నెలకోసారి ఈ ఒక్క పోలిక చూసుకుంటే చాలు: ముడుపు నిధుల మిగుళ్లన్నీ కూడి, బ్యాంకు, ఎఫ్‌డీ, చేతి నగదు మొత్తంతో పోల్చాలి. ఇవ్వాల్సిన బిల్లులు, అడ్వాన్సులు ఏమీ లేకపోతే, ముడుపుల మొత్తం ఎక్కువగా ఉన్నంత మేరకు జనరల్ ఫండ్ మైనస్‌లో ఉన్నట్టే.

తప్పు మొదలయ్యేది లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో మొదటి ఎంట్రీ దగ్గరే. ప్లాంట్ డబ్బునూ మామూలు చందానూ "డొనేషన్స్" అనే ఒకే లెడ్జర్‌లో వేశారు. ఏడాది చివర మిగులంతా జనరల్ ఫండ్‌లో కలిసిపోయి, అక్కడ 80 వేలకు 2 లక్షల 20 వేలు కలిపి 3 లక్షలు చూపించింది. అంటే కాగితం మీద ముడుపు ముడి విప్పేసినట్టే. వచ్చే ఏడు కొత్తగా వచ్చే సెక్రటరీ ఆ అంకె చూసి, ఇదంతా మనదే అనుకుంటారు. ఏ ఎంట్రీ ఏ నిధిదో చూపించే కాస్ట్ సెంటర్ పెట్టామని చాలామంది అంటారు కానీ ఖర్చులకే పెడతారు, వచ్చిన డబ్బుకు పెట్టరు. రెండు వైపులా పెట్టాలి, ఒక్కో షరతు నిధికి అప్పుల వైపు విడిగా లెడ్జర్ ఉండాలి, మిగులు అందులోకే వెళ్లాలి.

కమిటీలో ఒక పెద్దాయన, "దాత ఉత్తరంలో నిర్వహణ ఖర్చుకు 8 శాతం రాశారు కదా, 6 లక్షల మీద 48 వేలు జనరల్‌కు ట్రాన్స్‌ఫర్ చేసెయ్యి నాయనా" అన్నారు. ఉత్తరం మళ్లీ చదివాం. ప్లాంట్‌పై ఖర్చు పెట్టినదాని మీద 8 శాతం అని ఉంది. ఖర్చయింది 2 లక్షల 20 వేలే కాబట్టి ఈ ఏడాది వచ్చేది 17,600. మిగతాది పని నడిచేకొద్దీ వస్తుంది. పైగా ఇది ట్రాన్స్‌ఫర్ కూడా కాదు. ప్లాంట్ పని చూసుకున్న సూపర్‌వైజర్ జీతంలో ఆ వాటాను ప్లాంట్ నిధి ఖర్చుగా రాయాలి. అలా రాశాక ప్లాంట్ నిధి 3,62,400కి దిగింది, జనరల్ లోటు 72,400కి తగ్గింది.

ఆ 72,400ను ఏమని రాయాలి? దీన్ని "నిధుల మధ్య బదిలీ" అని రాయడం నా దృష్టిలో తప్పు. బదిలీ అంటే ఆ డబ్బు ఇక తిరిగి రాదని. షరతు నిధిలోంచి జనరల్‌కు అలా పంపాలంటే దాత రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కమిటీ తీర్మానం ఒక్కటే చాలదు. జనరల్ నుంచి షరతు నిధికి మాత్రం కమిటీ పంపవచ్చు, రేపు ప్లాంట్ ఖర్చు 6 లక్షలు దాటితే జనరల్ నుంచి వేసుకోవచ్చు. ఇక్కడ జరిగింది అప్పు. ప్లాంట్ నిధికి జనరల్ 72,400 ఇవ్వాలి అని రాసి, ఏ నెలలో ఎంత తిరిగి వేస్తారో మినిట్స్‌లో ఎక్కించాలి. నిజమైన బదిలీలుంటే నిధుల పట్టికలో వాటికి విడిగా ఒక వరుస ఉండాలి, అడ్డంగా కూడితే సున్నా రావాలి. సున్నా రాకపోతే ఎక్కడో ఒక వైపే ఎంట్రీ పడిందన్నమాట.

ఆడిట్ అయిపోయింది కదా, ఇంకేం టెన్షన్ అంటారు. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం ట్రస్టు ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాలకు వాడాలన్న నియమం మొత్తం ట్రస్టుకు కలిపి లెక్క కడుతుంది. జీతాలకు పోయిన ప్లాంట్ డబ్బు కూడా అందులో వాడకంగానే లెక్కకొస్తుంది, కాబట్టి ఈ తేడా అక్కడ బయటపడదు. విదేశీ విరాళానికైతే చట్టమే ఢిల్లీ ఎస్‌బీఐలో వేరే ఖాతా పెట్టించి, నిర్వహణ ఖర్చుకు 20 శాతం హద్దు గీసింది. మన ఊరి దాత ఇచ్చిన డబ్బుకు అలాంటి గోడ లేదు, దాన్ని కాపాడేది మనం రాసుకునే పుస్తకమే.

దాతలతోనూ ఒక మాట అనాలి. నిర్వహణకు పైసా ఇవ్వం, అంతా పనికే పోవాలి అని పట్టుబడితే ఆ పని చేసే మనిషి జీతం ఎక్కడి నుంచి రావాలి? ముడుపులోకి చెయ్యి వెళ్లేది చాలాసార్లు అక్కడి నుంచే.

ఈ ట్రస్టు చివరికి ప్లాంట్ దాతకు ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయనకు కోపం వచ్చింది, ఆ కోపంలో న్యాయం ఉంది. తర్వాత ఆరు నెలల గడువు ఇచ్చారు. నెలకు 12 వేల చొప్పున ఐదు నెలలు, ఆరో నెల 12,400. ఫీజుల నిధిలో మిగిలిన 10 వేలు వచ్చే ఏడాది పిల్లలకే వాడొచ్చా అని రెండో దాతకు ఉత్తరం రాశాం. జవాబు వచ్చేదాకా ఆ 10 వేలు అదే లెడ్జర్‌లో ఉంటాయి.