సోమలింగం ప్రయాణం

మిక్సీ జారు పగిలిన శనివారం రాత్రి పది గంటలకు సూరత్‌లోని ఒక విక్రేతకు కొత్త జారు ఆర్డరు చేయగా, అరగంట తిరగకముందే ట్రాకింగ్ నంబరు ఫోనుకు వచ్చింది. నల్లగొండలో కూర్చుని గుజరాత్‌ను కదిలించానన్న గర్వంతో ఆ నంబరు కొట్టి చూస్తే "No record found" అని కనిపించింది. ఆదివారం పొద్దున అది "Label Created"గా మారింది, సాయంత్రం వరకూ అలాగే ఉన్నది. నేను ఇరవైసార్లు చూసినా అది మారలేదు గానీ, రోట్లో పచ్చడి నూరుతున్న మా ఆవిడ ముఖం మాత్రం ప్రతిసారీ మారింది.

సోమవారం గడియారం సెంటరు దగ్గరి కొరియర్ కార్యాలయానికి వెళ్లి, నా పార్సిల్‌ను ఏ గోదాములో దాచారని కొంచెం గట్టిగానే అడిగాను. కౌంటరులోని పెద్దమనిషి నంబరు చూసి, "సారూ, మీ డబ్బా ఇంకా మా చేతికే రాలే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది" అన్నాడు.

ఆయన వివరించిన ప్రకారం, నంబరు పుట్టడానికి పార్సిల్ అక్కరలేదు. విక్రేత కంప్యూటరులో చిరునామా నింపి లేబుల్ తీయగానే నంబరు కేటాయింపబడుతుంది, సందేశం కూడా దానంతట అదే వెళ్లిపోతుంది. ఆ వివరాలు కొరియర్ వారి వ్యవస్థకు చేరేదాకా నంబరు కొత్తదై ఏమీ చూపదు, చేరిన తరువాత లేబుల్ తయారైందని మాత్రమే చూపుతుంది. డబ్బా మాత్రం విక్రేత అరలోనే ఉంటుంది. శనివారం రాత్రికి పికప్ సమయం దాటిపోయింది, ఆదివారం సెలవు. సోమవారం సాయంత్రం మనిషి వచ్చి సంచుల కొద్దీ తీసుకుపోయినా, ఒక్కొక్కదాన్ని అక్కడే స్కాన్ చేయకపోతే హబ్‌లో మొదటి స్కాన్ పడేదాకా తెర మీద చలనం ఉండదు. మూడు పనిదినాలు గడిచినా కదలకపోతే అడగవలసింది విక్రేతనే. సరుకు లేకున్నా సమయానికి పంపినట్టు కనిపించడానికి లేబుల్ తీసిపెట్టేవారూ ఉంటారట. తమ దగ్గరికే రాని డబ్బాను కొరియర్ వారు వెతకలేరు కదా. నా గొంతు అప్పటికే తగ్గింది.

ఇంటికి వచ్చి ఇదంతా చెప్పాను. మా ఆవిడ అందులోంచి సోమలింగాన్ని మాత్రమే గ్రహించి, అప్పటి నుండి "సోమలింగం బయలెల్లిండా?" అని పూటకొకసారి అడగసాగింది. మంగళవారం తెల్లవారేసరికి తెర మీద మూడు వరుసలు ఒక్కసారే ప్రత్యక్షమయ్యాయి: పికప్ అయింది, సూరత్ హబ్‌కు చేరింది, హైదరాబాదుకు బయలుదేరింది.

శుక్రవారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. "సోమలింగం వచ్చిండా?" అని లోపలి నుండి కేక వేసింది. డెలివరీ అబ్బాయి కంగారుగా లేబుల్ చదివి, "సోమలింగం పేరు మీద ఏం లేదమ్మా, సారు పేరు మీదనే ఉన్నది" అన్నాడు.